మీకు తెలుసా? నుదుటి గింజల గుట్టు నూనె సీసాలో ఉంది

దివిసీమలోని ఒక ఊరి నుంచి జూన్‌లో బెజవాడ వచ్చి, ఇంటర్ హాస్టల్లో చేరిన అమ్మాయిని ఊహించుకోండి. తెల్లవారుజామున ఐదింటికి స్టడీ అవర్. రెండు జడలు వేసుకోవాలి, జుట్టు చెదరకూడదు. తలంటు ఆదివారం మాత్రమే, ఎందుకంటే మిగతా రోజుల్లో బాత్‌రూమ్ ముందు వరస కదలదు. అందుకని రోజూ పొద్దున్నే అరచేతిలో కొబ్బరినూనె ఒంపుకుని, పాపిట నుంచి మొదలుపెట్టి నుదుటి అంచు దాకా అదిమి దువ్వుతుంది. దసరా సెలవులకి ఇంటికి వెళ్లేసరికి నుదుటి మీద చర్మం రంగులోనే ఉన్న చిన్న చిన్న గింజలు వరసగా కనిపిస్తాయి. నొప్పి లేదు, ఎరుపు లేదు. వేలితో తడిమితే బొంబాయి రవ్వ తగిలినట్టు ఉంటుంది.

అమ్మ "వేడి చేసింది" అంటుంది. అమ్మమ్మ "తలకి నూనె చాలక" అని ఇంకో గరిటెడు పెడుతుంది. అసలు సంగతి అమ్మమ్మ మాటకి సరిగ్గా తిరగేసి ఉంది.

ఈ గింజలకు ఒక పేరుందని తెలుసా?

చర్మవైద్యులు వీటిని పొమేడ్ యాక్నే అంటారు. పొమేడ్ అంటే జుట్టు నున్నగా పడుండటానికి రాసే జిడ్డు లేపనం. లాటిన్‌లో పోమమ్ అంటే పండు. పాతకాలం ఐరోపాలో ఈ లేపనంలో ఆపిల్ గుజ్జు కలిపేవారట, పేరు అక్కడి నుంచే వచ్చింది. పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండులో మగవాళ్లు తలకి మకాసర్ నూనె దట్టించి కుర్చీల్లో వెనక్కి వాలేవారు. ఆ జిడ్డు కుర్చీకి అంటకుండా ఇల్లాళ్లు కుర్చీ వీపు మీద ఒక గుడ్డ కప్పేవారు. ఆ గుడ్డకు యాంటీమకాసర్ అనే పేరే స్థిరపడింది. మన ఇళ్లలో ఆ గుడ్డ లేదు కాబట్టి, మంచం పక్క గోడ మీద తలానించిన చోట గుండ్రటి మరక మిగిలింది.

ఈ గింజలను వైద్యపత్రికలో వివరంగా రాసింది 1970లో. ప్లెవిగ్, ఫుల్టన్, క్లిగ్‌మన్ అనే ముగ్గురు వైద్యులు అమెరికాలో ఏళ్ల తరబడి తలకి పొమేడ్ రాసుకునే నల్లజాతి పురుషులను పరిశీలించారు. నుదుటి మీద, కణతల మీద, ఎరుపెక్కని మూసుకుపోయిన గింజలు ఒకే తీరుగా కనిపించాయి. లేపనం పేరు మీద జబ్బుకి పేరు పెట్టారు గానీ, కృష్ణాజిల్లాలో అదే పనిని కొబ్బరినూనె, ఆముదం, మందార తైలం చేసిపెడతాయి.

నూనె తలకి రాస్తే గింజలు నుదుటి మీద ఎందుకు?

అందరికీ వచ్చే అనుమానమే ఇది. నూనె ఎక్కువ ఉన్నది మాడు మీద, గింజలు వచ్చింది నుదుటి మీద. దోషి నూనే అయితే ముందు మాడు మీదే రావాలి కదా!

తేడా రంధ్రాల నిర్మాణంలో ఉంది. మాడు మీద ఒక్కో రంధ్రంలోంచి లావాటి వెంట్రుక బయటికి వస్తుంది. దీపపు వత్తి నూనెను పైకి లాగినట్టు, ఆ వెంట్రుక లోపలి జిడ్డును, రాలిన చర్మపు పొట్టును తన వెంట బయటికి తెస్తుంది. రంధ్రం తెరిచే ఉంటుంది. నుదుటి మీద కూడా వెంట్రుకలున్నాయి, కానీ కంటికి ఆనని నూగు మాత్రమే. ఆ నూగు కింద ఉన్న జిడ్డు గ్రంథులు మాత్రం పెద్దవి. అంటే ఊట ఎక్కువ, వత్తి లేదు.

అలాంటి రంధ్రం నోటి దగ్గర పైనుంచి వచ్చిన నూనె రోజూ చేరితే, లోపలి గోడల నుంచి రాలాల్సిన పొట్టు రాలకుండా ఒకదానికొకటి అతుక్కుంటుంది. పొరలు పేరుకుని బిరడా తయారవుతుంది. దాన్నే కామెడోన్ అంటారు. మొదట్లో అది కంటికి కనపడదు. పైకి గింజలా తేలడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. మన హాస్టల్ అమ్మాయి జూన్‌లో మొదలుపెట్టిన నూనెకు దసరాకి ఫలితం కనిపించింది అందుకే. మధ్యలో ఇంత ఎడం ఉండటం వల్లే ఎవరూ నూనెను అనుమానించరు. నిన్న తిన్న ఆవకాయనో, మొన్న మార్చిన సబ్బునో తప్పుపడతారు.

నల్లచుక్క మురికి కాదని తెలుసా?

కొన్ని గింజల నోరు మూసుకుని తెల్లగా ఉంటుంది. కొన్నింటి నోరు తెరుచుకుని నల్లగా కనిపిస్తుంది. ఆ నలుపు రోడ్డు దుమ్ము కాదు. చర్మంలో ఉండే రంగు పదార్థం, గాలి తగిలి మారిన జిడ్డు కలిసి అలా కనిపిస్తాయి. కాబట్టి సున్నిపిండితో గరగరా రుద్దినా, పీచుతో తోమినా అది పోదు. బిరడా ఉన్నది లోపల, రుద్దుడు పడేది పైన. గట్టిగా రుద్దితే చర్మం రేగి, ఎరుపు లేని గింజ ఎర్రటి మొటిమవుతుంది. గోటితో గిల్లితే మన రంగు చర్మం మీద నల్లమచ్చ పడి, గింజ పోయాక కూడా నెలల తరబడి ఉండిపోతుంది.

డిసెంబరు నూనె వేరు, మే నూనె వేరు

కొబ్బరినూనె సుమారు 24, 25 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. సంక్రాంతి ముందు పొద్దున్నే సీసా బోర్లిస్తే చుక్క రాదు, ఎండలో పెట్టాలి. అదే సీసాలో నూనె మే నెలలో నీళ్లలా ఉంటుంది. బెజవాడ ఎండ నలభై డిగ్రీలు దాటిన రోజున బెంజి సర్కిల్ దగ్గర సిగ్నల్లో నిలబడితే, మాడు మీది నూనె చెమటతో కలిసి ముందు నుదుటికి, తర్వాత కనుబొమల దాకా దిగుతుంది. డెల్టా గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఆ చెమట తొందరగా ఆరదు కూడా.

చెమట ఒక్కటే దారి కాదు. రాత్రి నూనె తలతో పడుకుంటే దిండు గలీబు తాగేస్తుంది, పక్కకి ఒత్తిగిలినప్పుడు చెంపకీ కణతకీ తిరిగి అంటిస్తుంది. హెల్మెట్ లోపలి మెత్తలో నెలల నాటి జిడ్డు ఉంటుంది, అది సరిగ్గా నుదుటి గీత మీదే ఒత్తుకుంటుంది. అక్కడ నూనెకి రాపిడి కూడా తోడవుతుంది. స్కూటీ మీద వెళ్లేటప్పుడు మొహానికి చుట్టుకునే చున్నీదీ ఇదే కథ. ఇక నుదుటి మీదికి కత్తిరించి వదిలిన జుట్టు ఉంటే, ప్రతి పాయా ఒక నూనె కుంచె.

పకోడీ కాగితం పరీక్ష

నూనె నుదుటికి దిగుతోందా లేదా అనేది ఇంట్లోనే చూసుకోవచ్చు. పకోడీలు పెట్టిన కాగితం వెలుగులో పట్టుకుంటే నూనె తాగిన చోట అవతలి వెలుతురు కనిపిస్తుంది కదా, అదే సూత్రం. నూనె పెట్టుకున్న రోజు, పొద్దున మొహం కడిగిన రెండు గంటల తర్వాత, పల్చటి తెల్ల కాగితం ముక్కను జుట్టు అంచు కింద పది సెకన్లు అదమండి. ఇంకో ముక్కను ముక్కు పక్కన అదమండి. తలంటుకుని నూనె పెట్టుకోని రోజున అదే వేళకు మళ్లీ చేయండి.

ముక్కు పక్కన రెండు రోజులూ మరక పడుతుంది, అది చర్మం సొంత జిడ్డు. జుట్టు అంచు దగ్గర నూనె రోజున మరక పెద్దదై, నూనె లేని రోజున బాగా తగ్గితే, ఆ తేడా సీసాలోంచి వచ్చిందే. ఇది రోగ నిర్ధారణ కాదు. నూనె ఎంత దూరం ప్రయాణిస్తోందో కళ్లతో చూడటానికి మాత్రమే.

నుదుటి గింజలన్నీ నూనె గింజలేనా?

కావు. ఇక్కడ పొరబడితే నెలలు వృథా అవుతాయి. నూనె గింజలకు గుర్తు, అవి జుట్టు అంచుకి దగ్గరగా, నుదుటి పైభాగంలో, కణతల మీద గుంపుగా ఉంటాయి. దాదాపు అన్నీ ఒకే సైజు, ఒకే రకం. దురద ఉండదు. బుగ్గలు, గడ్డం, వీపు మీద కూడా పెద్ద మొటిమలు ఉంటే అది మామూలు మొటిమల జబ్బు. అప్పుడు నూనె దానికి తోడు మాత్రమే, మూలం కాదు.

దురద పెడుతూ, చిన్న చిన్న ఎర్ర గింజలు ఒక్కసారిగా పొడిస్తే అనుమానించాల్సింది మలసీజియా అనే ఫంగస్‌ను. అది అందరి చర్మం మీదా ఉంటుంది. చుండ్రుకీ దానికీ సంబంధం ఉంది. నూనెల్లోని కొవ్వు ఆమ్లాలే దాని తిండి. ప్రయోగశాలలో దాన్ని పెంచాలంటే గిన్నెలో ఆలివ్ నూనె పోసి పెంచడం పాత పద్ధతి. చుండ్రు తగ్గడానికని మాడుకి నూనె పట్టించడం దాన్ని ఇంటికి పిలిచి భోజనం పెట్టడమే. దీనికి మొటిమల మందు పనిచేయదు, ఫంగస్ మందు కావాలి.

మూడోది మరీ జాగ్రత్తగా చూడాల్సింది. మందుల షాపులో చీటీ లేకుండా కొన్న తెల్లబరిచే క్రీము వాడుతుండగా మొహమంతా ఒకే తీరు ఎర్ర గింజలు వస్తే, ఆ ట్యూబు మీద బీటామెథసోన్, క్లోబెటసాల్, మోమెటసోన్ లాంటి పేరు ఉందేమో చదవండి. అవి స్టెరాయిడ్లు. ఆ గింజలకు కారణం నూనె కాదు, ఆ ట్యూబే. నెలల తరబడి వాడి ఒక్కసారిగా మానేస్తే మొహం ఎర్రబడి మండుతుంది. అందుకని దాన్ని చర్మవైద్యుల పర్యవేక్షణలోనే మానాలి.

నూనె మానేయక్కర్లేదని తెలుసా?

కొబ్బరినూనె జుట్టుకి చేసే మేలు అమ్మమ్మ భ్రమ కాదు. 2003లో మన దేశంలోనే రేలే, మొహిలే అనే పరిశోధకులు కొబ్బరినూనె, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ నూనెలను జుట్టు మీద పోల్చి చూశారు. కడిగేటప్పుడు, దువ్వేటప్పుడు వెంట్రుకలోంచి పోయే ప్రోటీన్‌ను గట్టిగా తగ్గించింది కొబ్బరినూనె ఒక్కటే. అందులో ఎక్కువగా ఉండే లారిక్ ఆమ్లం చిన్నదిగా, తిన్నగా ఉండటంతో వెంట్రుక లోపలికి వెళ్లగలుగుతుంది. తలంటుకి ముందు రాసినా, తర్వాత రాసినా ఆ మేలు కనిపించింది.

ఈ చివరి మాటే మన సమస్యకు తాళంచెవి. నూనె వల్ల మేలు పొందేది వెంట్రుక. కీడు పొందేది నుదుటి చర్మం. తలంటుకి ముందు రాసి కడిగేసినా వెంట్రుకకు మేలు దక్కుతుంది కాబట్టి, మిగతా ఆరు రోజులూ తల మీద నూనె మోయాల్సిన పని లేదు. మన పెద్దలు భోగి నాడు, దీపావళి నాడు చేయించిన అభ్యంగనం కూడా అదే కదా. నూనె పట్టించడం, నలుగు పెట్టడం, కుంకుడుకాయతో వదలగొట్టడం. నూనె పెట్టి వదిలేయడం ఆ పద్ధతిలో లేదు.

అయితే ఏం మార్చాలి?

మన హాస్టల్ అమ్మాయి దగ్గరికే వద్దాం. దసరా సెలవుల్లో ఆమె మార్చుకోవాల్సినవి నాలుగే.

మొదటిది, నూనె వేళ. రోజూ పొద్దున పెట్టే నూనె ఆపాలి. ఆదివారం తలంటుకి గంట ముందు ఒక టీ చెంచాడు తీసుకుని, చెవుల కింద నుంచి జడ కొసల దాకా రాయాలి. పొడవు జుట్టుకి రెండు చెంచాలు. జుట్టు అంచు నుంచి వెనక్కి రెండు వేళ్ల వెడల్పు మేర నూనె తగలకూడదు. రాసిన వెంటనే చేతులు కడుక్కోవాలి. చాలామంది మిగిలిన చేతి జిడ్డును మొహానికి పులుముకుంటారు.

రెండోది, వదలగొట్టడం. కుంకుడు రసమైనా షాంపూ అయినా ఒక్కసారికి నూనె పూర్తిగా పోదు. మొదటిసారి నురగ రాకపోతే జిడ్డు ఇంకా ఉన్నట్టే, రెండోసారి రుద్దాలి. తల ముందుకు వంచి కాకుండా వెనక్కి వాల్చి నీళ్లు పోసుకోవాలి, లేకపోతే వదిలిన నూనెంతా నుదుటి మీదుగానే దిగుతుంది. మొహం అన్నిటికంటే చివర, మామూలు ఫేస్‌వాష్‌తో కడగాలి. తలంటుకి ముందు కడిగితే ఉపయోగం లేదు.

మూడోది, మిగతా రోజులు. జుట్టు చెదరకుండా ఉండటానికి నూనె బదులు దువ్వెనను నీళ్లలో తడిపి దువ్వుకోవచ్చు. వారం మధ్యలో ఒక్క తలంటు కుదిరితే మరీ మంచిది.

నాలుగోది, గుడ్డలు. తలంటుకున్న రాత్రే దిండు గలీబు మార్చాలి, పాతది వేస్తే కడిగిన నూనె మళ్లీ అంటుతుంది. దువ్వెనను వారానికోసారి సబ్బు నీళ్లలో నానబెట్టాలి. చున్నీ ఉతకాలి, హెల్మెట్ లోపలి మెత్త ఊడదీసేదైతే అది కూడా.

మగపిల్లల సంగతి?

బీసెంట్ రోడ్డులో పండగ షాపింగుకి వచ్చే కుర్రాళ్ల తలల మీద కొబ్బరినూనె ఉండదు, హెయిర్ వ్యాక్స్ ఉంటుంది. వ్యాజిలిన్ లాంటి జిడ్డుతో చేసిన వ్యాక్స్ నీళ్లతో పోదు, చెమటకి కరిగి నుదుటికి దిగుతుంది. అసలు పొమేడ్ ఇదే. వ్యాక్స్ వాడాల్సిందే అంటే నీళ్లతో కడిగితే పోయే రకం తీసుకుని, జుట్టు కొసలకే రాసి, పడుకునే ముందు తల కడుక్కోవాలి. డబ్బా మీద నాన్-కామెడోజెనిక్ అని ఉందని పూర్తిగా నమ్మకండి. ఆ మాటకు అందరూ ఒప్పుకున్న ఒకే పరీక్ష లేదు. ఏ పదార్థం రంధ్రాలు మూస్తుందో చెప్పే పాత పట్టికలు చాలావరకు కుందేలు చెవి మీద రాసి చూసినవి. కుందేలు చెవి మనిషి నుదుటి కంటే చాలా తొందరగా మూసుకుపోతుంది.

ఎన్నాళ్లకి తగ్గుతుంది?

మొదటి రెండు వారాల్లో ఏ మార్పూ కనిపించదు, కొత్త గింజలు కూడా తేలవచ్చు. అవి కొత్తవి కావు, నూనె మానక ముందే లోపల కట్టుకున్న బిరడాలు. ఇక్కడే చాలామంది "నూనె మానినా తగ్గలేదు, కారణం అది కాదు" అని మళ్లీ మొదలుపెడతారు. ఆరు నుంచి ఎనిమిది వారాలకు కొత్తవి రావడం ఆగిపోతుంది. పాతవి పూర్తిగా చదునవడానికి ఇంకా కొన్ని నెలలు పట్టవచ్చు. రోజూ అద్దంలో చూస్తే తేడా తెలియదు. పదిహేను రోజులకోసారి, అదే కిటికీ దగ్గర, అదే వేళకు, వెలుగు పక్క నుంచి పడేలా ఫోటో తీసి పోల్చుకోండి. పక్క వెలుగులోనే ఈ గింజల నీడ కనిపిస్తుంది.

ఎనిమిది వారాలకీ కొత్తవి రావడం ఆగకపోతే చర్మవైద్యుల దగ్గరికి వెళ్లాలి. ఇలాంటి బిరడాలకు తరచుగా రాసేది అడాపలిన్ 0.1 శాతం జెల్. రాత్రి మొహం కడిగి, పూర్తిగా ఆరాక, బఠాణీ గింజంత తీసుకుని నుదురంతా పల్చగా రాయాలి, ఒక్కో గింజకీ చుక్క పెట్టడం కాదు. మొదట్లో పొట్టు రేగుతుంది, అందుకే రోజు విడిచి రోజు మొదలుపెట్టమంటారు. గర్భిణులు, గర్భం కోసం ప్రయత్నిస్తున్నవాళ్లు ఆ మాట డాక్టరుకి ముందే చెప్పాలి, వాళ్లకి ఇది వాడరు. ఏ జెల్ వాడినా తలనూనె పాత పద్ధతిలోనే సాగితే మాత్రం ఒకవైపు తోడుతూ ఇంకోవైపు పూడ్చినట్టే.

దసరాకి అలవాటు మార్చుకున్న అమ్మాయికి, అవి నూనె గింజలే అయితే, సంక్రాంతికి నుదురు చేతికి దాదాపు నున్నగా తగలాలి. భోగి నాడు అమ్మమ్మ నూనె గిన్నె పట్టుకుని వస్తే కాదనక్కర్లేదు. ముందు జుట్టు దగ్గర రెండు వేళ్లు అడ్డం పెట్టి, "అమ్మమ్మా, ఇక్కడి దాకా వద్దు, గంటలో తలంటు పోసెయ్" అంటే చాలు.